ఊరెళ్లినవాళ్ల బీపీ: ఒక గ్రాంట్ ప్రపోజల్‌లో మిస్సింగ్ డేటా పేజీ ఎలా మారింది

"మిస్సింగ్ డేటా ఉంటే మల్టిపుల్ ఇంప్యుటేషన్ చేస్తాం." డాక్టరుగారు నాకు పంపిన ప్రపోజల్‌లో ఆ సంగతి మీద ఉన్నది ఈ ఒక్క వాక్యమే. దొరకని కొలతలను, ఉన్న వివరాలను బట్టి పలుమార్లు ఊహించి నింపుతామని దాని అర్థం. రివ్యూయర్ దాని పక్కన రాసిన ప్రశ్న కూడా అంతే చిన్నది: ఎవరు మిస్ అవుతారు, ఎందుకు? ప్రపోజల్ వెనక్కి వచ్చింది. రెండోసారి పంపడానికి ఐదు వారాలు గడువిచ్చారు. స్టాటిస్టికల్ అనాలిసిస్ ప్లాన్ మళ్లీ రాసిపెట్టమని ఆయన నాకు ఫోన్ చేశారు.

నేను బెంగళూరులో బయోస్టాటిస్టీషియన్‌ని. డాక్టరుగారిది కర్నూలు వైపు. సర్జాపూర్ రోడ్డు చుట్టుపక్కల లేబర్ కాలనీల్లో కొన్నేళ్లుగా బీపీ క్లినిక్ నడుపుతున్నారు. అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి బేల్దారి పనికి వచ్చినవాళ్లు. ఆయన ట్రయల్ ఇది: ఎనిమిది కాలనీల్లో పై బీపీ 140 దాటినవాళ్లను తీసుకుని, లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా విడదీస్తారు. ఒక గుంపుకి మామూలు వైద్యం. రెండో గుంపుకి దాంతోపాటు ప్రతి వారం తెలుగులో ఒక ఫోన్ కాల్, ఊరికి వెళ్లేటప్పుడు రెండు నెలల మాత్రలు ముందే చేతికి. 3, 6, 12 నెలలకు బీపీ చూస్తారు. పన్నెండో నెల పై బీపీయే ప్రధాన ఫలితం.

మోడల్ గురించి ముందు

పాత ప్లాన్‌లో "రెండు గుంపుల్లో బీపీ ఎంత తగ్గిందో టీ టెస్టుతో పోలుస్తాం" అని ఉంది. ముందు మార్చింది దాన్నే. 140 దాటినవాళ్లనే ఏరి తీసుకున్నప్పుడు, వాళ్లలో ఆ రోజు ఏదో కారణంతో బీపీ కాస్త ఎక్కువ చూపించినవాళ్లు తప్పకుండా ఉంటారు. మళ్లీ కొలిస్తే, ఏ వైద్యమూ లేకపోయినా వాళ్ల బీపీ కొంత దిగుతుంది. కాబట్టి ఒక గుంపులో ఎంత తగ్గిందన్న అంకె మనకు ఏమీ చెప్పదు, గుంపుల మధ్య తేడాయే చెప్పాలి. ఆ తేడాను కొలవడానికి తగ్గుదలను లెక్కేయడం కంటే, పన్నెండో నెల బీపీని ఫలితంగా పెట్టి, మొదటి రోజు బీపీని కోవేరియేట్‌గా, అంటే ఫలితం మీద ప్రభావం ఉన్న వివరంగా లెక్కలో పెట్టడం మెరుగు. మోడల్ ఇది:

```
sbp12 ~ arm + sbp0 + age + sex + colony + tab0
```

మామూలు లీనియర్ రిగ్రెషనే ఇది. `arm` అంటే మనిషి ఏ గుంపులో ఉన్నారన్నది, దాని ముందున్న గుణకమే ట్రయల్ జవాబు. `tab0` అంటే చేరేనాటికే మాత్రలు వాడుతున్నారా లేదా అన్నది.

మొదటి బీపీని మోడల్‌లో పెడితే శాంపిల్ సైజు తగ్గుతుంది. మొదటి, చివరి బీపీల మధ్య కోరిలేషన్ r అయితే, కావలసిన మనుషుల సంఖ్య (1 − r²) వంతుకు దిగుతుంది. డాక్టరుగారు క్లినిక్ రిజిస్టర్ మొత్తం నుంచి r = 0.6 తీశారు. అయితే ఆ రిజిస్టర్‌లో బీపీ 110 ఉన్నవాళ్లూ ఉన్నారు, 180 ఉన్నవాళ్లూ ఉన్నారు. ట్రయల్‌లోకి వచ్చేది 140 పైవాళ్లే. విస్తృతి ఇలా కుదించినప్పుడు కోరిలేషన్ కూడా తగ్గుతుంది. 0.6 పెట్టుకుని లెక్కేస్తే మనుషులు చాలక తర్వాత ఇబ్బంది పడతాం. అందుకే 0.4 తీసుకున్నాను. 5 మి.మీ. తేడా పట్టుకోవాలి, స్టాండర్డ్ డీవియేషన్ 16, పవర్ 80 శాతం అనుకుంటే, ఏ సర్దుబాటూ లేకుండా గుంపుకి 161 మంది కావాలి. దాన్ని 0.84తో గుణిస్తే 135. ముప్పై శాతం మంది చివరి కొలతకు దొరకరనుకుంటే గుంపుకి 193, మొత్తం 386.

కోవేరియేట్ల దగ్గర కాసేపు వాదన నడిచింది. "మాత్రలు ఎన్ని మింగారన్నది కూడా పెట్టండి సార్, మింగనివాళ్లకి బీపీ ఎలా తగ్గుతుంది?" అని డాక్టరుగారు అడిగారు. సహజమైన ప్రశ్నే. కానీ ఫోన్ కాల్ పనిచేసేది మాత్రలు మింగించడం ద్వారానే. మింగిన మాత్రల సంఖ్యను మోడల్‌లో పెడితే, మాత్రలు సమానంగా మింగినవాళ్ల మధ్య ఫోన్ కాల్ వల్ల ఏం తేడా వచ్చిందని అడిగినట్టవుతుంది. ఆ ప్రశ్నకు జవాబు దాదాపు సున్నాయే వస్తుంది, ఫోన్ కాల్ బ్రహ్మాండంగా పనిచేసినా సరే. అందుకే లాటరీ తర్వాత కొలిచినది ఏదీ ప్రధాన మోడల్‌లోకి రాకూడదని ప్లాన్‌లో స్పష్టంగా రాశాం.

కాలనీ పేరు మోడల్‌లో ఉండటానికి కారణం లాటరీని కాలనీవారీగా తీయడమే. ఎలా విడదీశామో అలాగే విశ్లేషించాలి. వయసు, ఆడ-మగ, ముందు మాత్రలు అన్నవి బీపీని నిర్ణయించేవని ముందే తెలుసు కాబట్టి ఉన్నాయి. "మొదటి టేబుల్‌లో పీ వేల్యూ 0.05 కంటే తక్కువ వచ్చినవాటిని చేరుస్తాం" అన్న పాత వాక్యాన్ని కొట్టేశాను. లాటరీ సరిగ్గా తీస్తే, మొదటి రోజు గుంపులను పోల్చే ఆ టేబుల్‌లో కనిపించే తేడాలన్నీ యాదృచ్ఛికమే. పైగా డేటా చూశాక కోవేరియేట్లు ఎంచుకునే వీలు ఉంచుకోవడం, ఫలితం చూసి మోడల్ మార్చుకునేందుకు తలుపు తెరిచి ఉంచడమే.

ఎవరు, ఎందుకు

ఇక రివ్యూయర్ ప్రశ్న. డోనాల్డ్ రూబిన్ 1976లో వేసిన విభజన మీదే ఇప్పటికీ ఈ రంగం నడుస్తోంది. కొలత లేకపోవడానికి బీపీతో ఏ సంబంధమూ ఉండకపోవచ్చు. లేదా మన దగ్గర ఉన్న వివరాలతో ఆ సంబంధాన్ని వివరించగలగవచ్చు. లేదా మనం చూడని ఆ బీపీ అంకెతోనే ముడిపడి ఉండవచ్చు. మల్టిపుల్ ఇంప్యుటేషన్ మామూలుగా రెండో పరిస్థితిని నమ్ముకుని నడుస్తుంది. ఆ నమ్మకం ఎంతవరకు సరైనదో సాఫ్ట్‌వేర్ చెప్పదు. మనుషులు ఎందుకు రాలేదో తెలిసినవాళ్లే చెప్పాలి.

అది తెలిసింది క్లినిక్‌లో ఫీల్డ్ వర్కర్‌గా పనిచేసే హిందూపురం ఆమెకు. క్లినిక్‌కి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. రానివాళ్ల కోసం ఆమె వేరే నోటుబుక్కు పెట్టుకుంది. పాఠశాల పిల్లలు వాడే నూరు పేజీల గీతల పుస్తకం. ఒక్కో పేరు పక్కన ఆమె చేతిరాతలో కారణం: "ఊరు", "సైటు మారె", "బాగలేదు". కిందటేడు రిజిస్టర్‌లో ఉన్న 160 మందిలో 52 మంది ఏడాదిలోపు కనిపించకుండా పోయారు. పేజీలు తిప్పుతూ ఇద్దరం లెక్కపెట్టాం. ఊరు 31, సైటు మార్పు 12, బాగలేదు 9.

"ఊరు అంటే ఎప్పుడు పోతారక్కా?" అన్నాను.

"చెనక్కాయ ఇత్తేటప్పుడు సార్, జూన్ జులైల. మళ్లా పీకేటప్పుడు. సంక్రాంతికి అందరూ పోతారు. సేను లేనోళ్లు తొందరగా తిరిగొస్తారు, ఉన్నోళ్లు ఆడనే ఉండిపోతారు."

"బాగలేదు అంటే?"

ఆమె కాసేపు పేజీ వైపే చూసింది. "తల తిరగతాంది, చెయ్యి లాగతాంది అంటే మేస్త్రి బస్సెక్కిచ్చేస్తాడు సార్. ఈడ ఏమన్నా అయితే ఆయప్ప తలకు సుట్టుకుంటాదని. వాళ్లు మాత్రం మళ్లా రారు."

ఆ మూడు మాటల్లో రూబిన్ విభజన మొత్తం ఉంది. సైటు మారినవాళ్ల విషయంలో బీపీతో సంబంధం పెద్దగా లేదు. ఎక్కడికి పంపాలో మేస్త్రి నిర్ణయిస్తాడు, బీపీ చూసి కాదు. వాళ్లు మిస్ అయితే మనుషులు తగ్గుతారు తప్ప జవాబు ఒకవైపు వంగదు. ఊరెళ్లినవాళ్ల సంగతి చేను ఉందా, కుటుంబం ఊళ్లో ఉందా, నెల ఏది అన్నవాటి మీద ఆధారపడుతుంది. అవి అడిగి రాసుకుంటే చాలావరకు వివరించవచ్చు. బాగలేక వెళ్లినవాళ్లే అసలు చిక్కు. వాళ్ల బీపీ బహుశా చాలా ఎక్కువగా ఉంది, అదే వాళ్లు వెళ్లిపోవడానికి కారణం, అదే మనకు దొరకని అంకె.

ఆ నోటుబుక్కు చూశాక ప్లాన్‌తోపాటు ఇంకో రెండు కూడా మారాయి. మొదటిది చేరిక తేదీలు. పాత ప్రపోజల్‌లో జనవరిలో చేర్చుకోవడం మొదలు. అంటే ఆరో నెల కొలత జులైలో, సరిగ్గా విత్తనాల సమయంలో. పన్నెండో నెల కొలత మళ్లీ సంక్రాంతికి. ఇంతకంటే చెడ్డ క్యాలెండర్ దొరకదు. ఆగస్టు, సెప్టెంబర్‌లలో చేర్చుకుంటే ఆరో నెల ఫిబ్రవరి, మార్చిల్లో పడుతుంది, చివరి కొలత మళ్లీ ఆగస్టు, సెప్టెంబర్‌లలోనే, విత్తనానికీ కోతకీ మధ్య. మూడో నెల కొలత మాత్రం కోతల్లో కొంత పోతుంది. ప్రధాన ఫలితం అది కాదు కాబట్టి ఆ నష్టం భరించవచ్చు.

రెండోది మొదటి రోజు ఫారం. చేను ఉందా, కుటుంబం ఎక్కడ ఉంది, పని మేస్త్రి ద్వారానా సొంతంగానా అన్న మూడు ప్రశ్నలు చేరాయి. ఇవి రిగ్రెషన్ మోడల్‌లో ఉండవు, ఇంప్యుటేషన్‌లో మాత్రమే సహాయక వేరియబుల్స్‌గా ఉంటాయి. ఇక్కడ ఒక జాగ్రత్త. సహాయక వేరియబుల్ మిస్ అవడాన్ని ఊహించగలిగితే సరిపోదు, బీపీని కూడా ఎంతో కొంత ఊహించగలగాలి. అప్పుడే అది వంపును సరిచేస్తుంది. ఆ లెక్కన అన్నిటికంటే పనికొచ్చేవి మూడో నెల, ఆరో నెల బీపీలే.

ఇంప్యుటేషన్

ప్లాన్‌లో రాసిన కోడ్ ఇది, ఆర్ ప్రోగ్రామింగ్ భాషలో:

```r
library(mice)
vars <- c("arm","sbp0","sbp3","sbp6","sbp12","age","sex",
          "colony","tab0","land","family","maistry")
parts <- lapply(split(d[, vars], d$arm), mice,
                m = 40, maxit = 20, seed = 4107, printFlag = FALSE)
imp <- rbind(parts[[1]], parts[[2]])
fit <- with(imp, lm(sbp12 ~ arm + sbp0 + age + sex + colony + tab0))
summary(pool(fit), conf.int = TRUE)
```

రెండు గుంపులకూ విడివిడిగా ఇంప్యుట్ చేస్తున్నాం. ఎందుకంటే ఫోన్ కాల్స్ ఉన్న గుంపులో ఆరో నెల బీపీకీ పన్నెండో నెల బీపీకీ ఉన్న సంబంధం మామూలు వైద్యం గుంపులో ఉన్నట్టే ఉండనక్కర్లేదు. కలిపి చేస్తే ఆ తేడా చెరిగిపోతుంది. `arm` ఒక్కో భాగంలో ఒకే విలువతో ఉంటుంది కాబట్టి దాన్ని వదిలేశామని ప్రోగ్రాం నమోదు చేస్తుంది. అది చూసి కంగారు పడనక్కర్లేదు. ఫలితాన్ని, అంటే `sbp12`ని, ఇంప్యుటేషన్ నుంచి తీసేయడం నేను తరచూ చూసే తప్పు. జవాబును వాడి జవాబును నింపుతున్నట్టు అనిపించి తీసేస్తారు. తీసేస్తే నింపిన మిగతా అంకెలకు ఫలితంతో సంబంధం తెగిపోయి, లెక్క పలచబడుతుంది. నలభై సార్లు ఎందుకంటే, అసంపూర్తిగా ఉన్నవాళ్ల శాతం ఎంతో కనీసం అన్ని సార్లు చేయాలన్నది వాడుకలో ఉన్న నియమం. మూడు కొలతల్లో ఏదో ఒకటి లేనివాళ్లు 40 శాతం దాకా ఉండొచ్చని మా అంచనా.

చివరిసారి చూసిన బీపీనే పన్నెండో నెల బీపీగా వేసుకునే పాత పద్ధతిని రాయలేదు. తల తిరిగి బస్సెక్కినవాడికి ఆరో నెలలో ఉన్న మంచి అంకెను ఏడాది చివర కూడా ఇచ్చేయడం అది. చనిపోయినవాళ్లకు బీపీ ఊహించి నింపబోమని, వాళ్లను విడిగా చూపిస్తామని ఒక వాక్యం పెట్టాం. మాత్ర మార్చినా, డోసు పెంచినా ఆ బీపీ అలాగే లెక్కలోకి వస్తుందని ఇంకో వాక్యం.

బడ్జెట్‌ను మార్చిన లెక్క

బాగలేక వెళ్లిన ఆ తొమ్మిది మంది లాంటివాళ్ల కోసం సెన్సిటివిటీ అనాలిసిస్ కావాలి, అంటే మన ఊహ తప్పైతే జవాబు ఎంత మారుతుందో చూడాలి. పద్ధతి సులువు. ఫోన్ కాల్ గుంపులో నింపిన బీపీలకు డెల్టా పాయింట్లు అదనంగా కలిపి మోడల్ మళ్లీ నడపాలి. డెల్టా పెంచుకుంటూ పోతే ఎక్కడ తేడా ఉందని గట్టిగా చెప్పలేకపోతామో అదే టిప్పింగ్ పాయింట్. సాధారణంగా దీన్ని డేటా వచ్చాక చేస్తారు. నేను ప్రపోజల్ దశలోనే కాగితం మీద చేశాను. అదే ఈ కేసులో నాకు బాగా ఉపయోగపడింది.

ట్రయల్ మనం అనుకున్నట్టే వచ్చి, తేడా −5 అనుకుందాం. గుంపుకి 135 కొలతలు ఉంటే స్టాండర్డ్ ఎర్రర్ దాదాపు 1.8. 95 శాతం విశ్వాస విరామం −8.5 నుంచి −1.5 దాకా. ఒక గుంపులో 30 శాతం మందికి డెల్టా కలిపితే ఆ గుంపు సగటు 0.3 × డెల్టా పైకి జరుగుతుంది. పై అంచు −1.5 నుంచి సున్నాకు రావాలంటే డెల్టా 5 చాలు.

డాక్టరుగారి ముందు ఈ అంకె పెట్టి అడిగాను. "ఊరెళ్లి రానివాళ్ల బీపీ, మోడల్ ఊహించినదానికంటే 5 పాయింట్లు ఎక్కువ ఉండే అవకాశం ఉందా?"

ఆయన వెంటనే జవాబిచ్చారు. "మాత్ర మానేస్తే చాలు కదా సార్. ఒక్క మాత్ర మామూలు డోసులో సగటున తొమ్మిది పాయింట్ల దాకా తగ్గిస్తుంది. మానేస్తే అదంతా పైకి వచ్చేస్తుంది."

అంటే 30 శాతం మిస్సింగ్‌తో ఈ ట్రయల్ గెలిచినా, ఆ గెలుపును ఎవరైనా న్యాయంగానే కాదనవచ్చు. మనుషుల్ని ఇంకా చేర్చుకుంటే విరామం ఇరుకవుతుంది కానీ, 0.3 అన్న ఆ వాటా కదలదు. మిస్సింగ్‌ను తగ్గించడమే దారి. దాన్ని 15 శాతానికి దించితే లెక్క ఇలా మారుతుంది: గుంపుకి 164 కొలతలు, స్టాండర్డ్ ఎర్రర్ 1.6, పై అంచు −1.8. టిప్పింగ్ పాయింట్ 1.8 ÷ 0.15, అంటే 12. మాత్ర పూర్తిగా మానేసినా వచ్చే తొమ్మిదికంటే ఎక్కువ. రానివాళ్లంతా మాత్రలు మానేశారనుకున్నా సగటు జవాబు నిలబడుతుంది.

ఐదు నుంచి పన్నెండుకు వెళ్లే ఆ తేడానే బడ్జెట్ పేజీలో వివరణగా రాశాం. ఊళ్లకే వెళ్లి చివరి బీపీ చూడటానికి అనంతపురం వైపు ఒకరు, కర్నూలు, మహబూబ్‌నగర్‌ల వైపు ఒకరు, ఇద్దరు ఫీల్డ్ వర్కర్లకు చివరి మూడు నెలల జీతం, బస్సు ఖర్చులు, క్లినిక్‌లో వాడే మోడల్ బీపీ మెషీన్లే మరో రెండు. ఊళ్లో వేరే మెషీన్‌తో కొలిస్తే, ఊరెళ్లినవాళ్లకూ ఉండిపోయినవాళ్లకూ మధ్య తేడా మెషీన్‌దా మనిషిదా అన్నది తేలదు. చివరి కొలతకు ఆరు వారాలు అటూఇటూ గడువు కూడా పెట్టాం. ఈ ఖర్చు కోసం పాత ప్రపోజల్‌లోని ట్యాబ్లెట్ కంప్యూటర్లను తీసేయడానికి డాక్టరుగారు కష్టంగానే ఒప్పుకున్నారు. కాగితం ఫారాలే ఉంటాయి.

ప్లాన్‌లోని మిస్సింగ్ డేటా పేరా చివరికి ఇలా వచ్చింది, తెలుగులో చెప్తే: "చివరి కొలత లేకపోవడానికి మూడు కారణాలు ఊహిస్తున్నాం: సైటు మారడం, వ్యవసాయ పనులకు ఊరెళ్లడం, అనారోగ్యంతో వెళ్లిపోవడం. ప్రతి ఒక్కరి విషయంలో కారణాన్ని నమోదు చేస్తాం. మొదటి రెండింటికి సహాయక వేరియబుల్స్‌తో ఇంప్యుటేషన్ చేస్తాం. మూడోది ఇంప్యుటేషన్ ఊహకు లొంగదు కాబట్టి, ఫోన్ కాల్ గుంపులో నింపిన విలువలకు 0 నుంచి 15 దాకా, 3 పాయింట్ల చొప్పున కలిపి ఫలితాలన్నీ ప్రచురిస్తాం. మిస్సింగ్ 15 శాతం దాటితే ప్రధాన ఫలితం పక్కనే టిప్పింగ్ పాయింట్ చూపిస్తాం."

రివ్యూయర్ రెండోసారి ఒక్కటే అడిగారు: అన్ని కొలతలనూ కలిపి మిక్స్‌డ్ మోడల్ వేస్తే ఇంప్యుటేషన్ అక్కర్లేదు కదా అని. నిజమే, చాలా ట్రయల్స్‌లో నేనూ అదే వాడతాను. ఇక్కడ చేను, కుటుంబం లాంటి వివరాలను ప్రధాన మోడల్‌లోకి తీసుకురాకుండా వాడాలి, డెల్టా కూడా కలపాలి, ఈ రెండూ ఇంప్యుటేషన్‌లో తేలిగ్గా జరుగుతాయని జవాబు రాశాం. మిక్స్‌డ్ మోడల్‌ను రెండో విశ్లేషణగా చేర్చాం. దాంతో ఒప్పుకున్నారు.

ఫారం అచ్చుకు వెళ్లే ముందు హిందూపురం ఆమెకు చూపించాం. కొత్త మూడు ప్రశ్నలూ చదివి, కింద ఖాళీలో పెన్నుతో ఇంకో గీత గీసింది: "ఊర్లో ఇంకో నంబరు ఎవురిది?" బెంగళూరు సిమ్ ఊరికి పోగానే మారుస్తారని, పక్కింటి వాళ్ల నంబరైతే పదేళ్లైనా మారదని చెప్పింది. ఆ ప్రశ్న ఫారంలో నాలుగోది అయింది.